సైక్లోస్పోరిన్ వాడేవారికి అటోర్వాస్టాటిన్ 10 దగ్గరే ఎందుకు ఆపుతారు?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్ళు. కిడ్నీ మార్పిడి జరిగి ఎనిమిది నెలలైంది. సైక్లోస్పోరిన్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసోలోన్ 7.5 వాడుతున్నారు. బీపీకి డిల్టియాజెమ్ ఉంది, షుగర్ కూడా ఉంది. కాలి బొటనవేలు వాచినప్పుడు కోల్చిసిన్ వేసుకుంటారు. గుండెకి ఇంతవరకు ఏమీ కాలేదు. ఈ మధ్య పరీక్షలో ఎల్‌డీఎల్ 172 వచ్చింది. మా ఊళ్ళో గుండె డాక్టరు గారు అటోర్వాస్టాటిన్ 40 రాశారు. ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరు గారేమో 10కి మించొద్దన్నారు. ఎవరి మాట వినాలి? పదితో 172 దిగుతుందా?

సమాధానం:

ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరు గారి మాట వినండి. కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా కాపాడే సైక్లోస్పోరిన్ వాడుతున్నంత కాలం అటోర్వాస్టాటిన్ రోజుకి 10 మి.గ్రా. దాటకూడదు. 40 బిళ్ళలు ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఈరోజే ఆపి, ఆ సంగతి ట్రాన్స్‌ప్లాంట్ క్లినిక్‌కి ఫోన్ చేసి చెప్పండి. పదితో ఎల్‌డీఎల్ 172 నుంచి 110 దరిదాపులకు వస్తుంది. ఇంకా దించాలంటే స్టాటిన్ పెంచరు, పక్కన ఎజెటిమైబ్ చేరుస్తారు.

గుండె డాక్టరు గారిది తెలియనితనం అనుకోకండి. షుగర్ ఉండి ఎల్‌డీఎల్ 172 ఉన్న మామూలు మనిషికైతే 40 సరైన మోతాదే. తేడా అంతా సైక్లోస్పోరిన్ దగ్గరుంది.

స్టాటిన్ పని చేసే చోటు కాలేయం. మింగిన మందు పేగు నుంచి కాలేయానికి చేరాక, అక్కడి కణాలు దాన్ని లోపలికి లాక్కుంటాయి. ఆ పని చేసే ద్వారాల్లాంటి ప్రొటీన్లు కొన్ని కణాల గోడ మీద ఉంటాయి. లోపలికి వెళ్ళిన మందు కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తుంది, తర్వాత కాలేయమే దాన్ని విరిచి బయటికి పంపేస్తుంది. సైక్లోస్పోరిన్ రెండు చోట్లా అడ్డుపడుతుంది. ద్వారాలను మూసేస్తుంది, మందును విరిచే ఎంజైమును కూడా మందగింపజేస్తుంది. దాంతో కాలేయంలోకి పోవలసిన స్టాటిన్ రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది. సైక్లోస్పోరిన్‌తో కలిపి వాడినప్పుడు రక్తంలో అటోర్వాస్టాటిన్ మొత్తం దాదాపు ఎనిమిది, తొమ్మిది రెట్లకు పెరుగుతుందని కొలిచి చూశారు. అంటే మీ నాన్నగారు 10 మింగితే, రక్తంలో కనిపించేది మామూలు మనిషి 80 మింగినప్పటి లెక్క. 40 మింగితే ఎంతో మీరే ఊహించండి. అంత మోతాదు ఎవరికీ ఎక్కడా ఇవ్వరు.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు లెక్క వేస్తారు: "ఎనిమిది రెట్లు పెరిగితే మంచిదేగా, పదితోనే ఎనభై పని జరుగుతుంది కదా" అని. అలా జరగదు. పెరిగింది రక్తంలో, కాలేయంలో కాదు. ద్వారాలు మూసుకున్నాయి కాబట్టి కాలేయం లోపలికి చేరేది అంతగా పెరగదు. ఎల్‌డీఎల్ తగ్గడం మామూలు 10 మి.గ్రా. తగ్గించినంతే ఉంటుంది, 35 నుంచి 40 శాతం మధ్య. రక్తంలో మిగిలిన స్టాటిన్ మాత్రం కండరాలకు చేరుతుంది. మోతాదు పెంచితే లాభం కాస్త, నష్టం చాలా. సైక్లోస్పోరిన్ ఉన్నప్పుడు స్టాటిన్‌ని తక్కువలో ఆపేయడానికి అసలు కారణం ఇదే.

ఇదే సందర్భంలో వచ్చే ఇంకో ప్రశ్న, సైక్లోస్పోరిన్ పొద్దున వేసి స్టాటిన్ రాత్రి వేస్తే తగాదా ఉండదు కదా అని. ఉపయోగం లేదు. సైక్లోస్పోరిన్ రోజుకి రెండు పూటలా వేస్తారు, దాని ప్రభావం ఆ మధ్య గంటల్లోనూ పోదు. అటోర్వాస్టాటిన్ కూడా ఒంట్లో చాలాసేపు ఉంటుంది. వేళ మార్చి మోతాదు పెంచుకునే దారి లేదు.

ఇప్పుడు మీ నాన్నగారి అంకెలతోనే లెక్క చూద్దాం. 172లో 37 శాతం తగ్గితే 108. దీనికి ఎజెటిమైబ్ 10 మి.గ్రా. చేరిస్తే, ఉన్నదాంట్లో ఇంకో ఐదో వంతు దిగుతుంది, అంటే 86 దగ్గరికి వస్తుంది. మరోవైపు, సైక్లోస్పోరిన్ లేని మనిషికి అటోర్వాస్టాటిన్ 40 ఒక్కటే ఇస్తే సగం తగ్గి 86 చుట్టూ వచ్చేది. రెండు దారులూ ఒకే చోటికి చేరుతున్నాయి. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేసిన ప్రతిసారీ ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది 6 శాతమే కావడం దీనికి కారణం. 10 నుంచి 20, 20 నుంచి 40, రెండు రెట్టింపులకీ కలిపి 12 శాతం. ఆ పన్నెండు కోసం కండరాలను పణంగా పెట్టడం మీ నాన్నగారి విషయంలో తగని పని.

ఎజెటిమైబ్ పేగులో కొలెస్ట్రాల్ పీల్చుకోవడాన్ని ఆపుతుంది, స్టాటిన్‌లా కాలేయపు ద్వారాల మీద ఆధారపడదు. అయినా సైక్లోస్పోరిన్‌తో దానికీ సంబంధం ఉంది. సైక్లోస్పోరిన్ వల్ల రక్తంలో ఎజెటిమైబ్ బాగా పెరుగుతుంది, ఎజెటిమైబ్ వల్ల సైక్లోస్పోరిన్ కొద్దిగా పెరుగుతుంది. కాబట్టి ఎజెటిమైబ్ మొదలుపెట్టి రెండు వారాలయ్యాక ఒకసారి సైక్లోస్పోరిన్ లెవెల్, క్రియాటినిన్ చూపించండి. సాధారణంగా పెద్ద మార్పేమీ రాదు. వస్తే సైక్లోస్పోరిన్ మోతాదు కాస్త సరిచేస్తారు.

వేరే స్టాటిన్‌కి మారిస్తే? సైక్లోస్పోరిన్ ఉన్నంత కాలం ఏ స్టాటిన్‌కీ పూర్తి స్వేచ్ఛ లేదు. సింవాస్టాటిన్, లోవాస్టాటిన్, పిటావాస్టాటిన్ అసలు వాడకూడదు. రోసువాస్టాటిన్ అమెరికా లేబుల్, అంటే మందుతో వచ్చే అధికారిక సూచనల కాగితం ప్రకారం 5 మి.గ్రా. దాటకూడదు, ఐరోపాలో అయితే సైక్లోస్పోరిన్‌తో నిషేధమే. అటోర్వాస్టాటిన్‌ని కూడా అమెరికా లేబుల్ సైక్లోస్పోరిన్‌తో కలపవద్దంటుంది, ఐరోపా లేబుల్ 10 దాకా ఒప్పుకుంటుంది. మీ డాక్టరు గారు చెప్పిన పది అక్కడిదే. ప్రావాస్టాటిన్ 20, ఫ్లూవాస్టాటిన్ రోజు మొత్తానికి 40 అన్నవి అమెరికా లేబుల్ హద్దులు. కిడ్నీ మార్పిడి వాళ్ళలో ఎక్కువ పరీక్షకు నిలిచింది ఫ్లూవాస్టాటినే, కానీ మన మందుల షాపుల్లో అంత తేలిగ్గా దొరకదు. అందుకే ఇక్కడ వాడకంలో ఉన్నది అటోర్వాస్టాటిన్ 10, లేదా రోసువాస్టాటిన్ 5.

రోసువాస్టాటిన్ దగ్గర మనవాళ్ళు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఒకే మోతాదు మింగినా తూర్పు ఆసియా వాళ్ళలో రక్తంలో అది యూరప్ వాళ్ళకంటే ఇంచుమించు రెట్టింపు ఉంటుంది, భారతీయుల్లో కూడా కొంత ఎక్కువే. సైక్లోస్పోరిన్ దాన్ని మళ్ళీ ఏడు రెట్లకు పెంచుతుంది. అందుకని నా వరకు సైక్లోస్పోరిన్ వాడే మనవాళ్ళకి అటోర్వాస్టాటిన్ 10నే ఎంచుకుంటాను.

షాపులో ఇచ్చే స్ట్రిప్ వెనక ఉన్న పేర్లు తప్పక చదవండి. మన దగ్గర కలిపిన బిళ్ళలు ఎక్కువ. రోసువాస్టాటిన్ 10తో ఎజెటిమైబ్ కలిపినవి, రోసువాస్టాటిన్‌తో ఫెనోఫైబ్రేట్ కలిపినవి, అటోర్వాస్టాటిన్‌తో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపిన క్యాప్సూల్సూ ఉన్నాయి. "గుండెకి ఒక క్యాప్సూల్" అని విడిగా రాయించుకుని, "కొలెస్ట్రాల్‌కి ఒక బిళ్ళ" అని మరోచోట రాయించుకుంటే, రెండింట్లోనూ స్టాటిన్ ఉండే ప్రమాదం ఉంది. ఇంట్లో రెండు స్ట్రిప్పులు పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఇది బయటపడదు.

ఇక ఎల్‌డీఎల్ అంతెందుకు పెరిగిందన్నది. మార్పిడి తర్వాత వాడే మందుల్లో మైకోఫెనోలేట్, అజాథయోప్రిన్ కొలెస్ట్రాల్ జోలికి పోవు. సైక్లోస్పోరిన్ ఎల్‌డీఎల్‌ని పెంచుతుంది. రక్తంలోని ఎల్‌డీఎల్‌ని కాలేయం తీసుకోవడాన్ని తగ్గిస్తుంది, కొలెస్ట్రాల్ పైత్యరసంగా మారి పోయే దారినీ అడ్డుకుంటుంది. ప్రెడ్నిసోలోన్ ఆకలినీ, బరువునీ, షుగర్‌నీ పెంచి, కాలేయం కొవ్వు తయారు చేయడాన్ని ఎక్కువ చేస్తుంది. దీని ప్రభావం మోతాదును బట్టి ఉంటుంది. మొదటి నెలల్లో 20, 15 వాడినప్పటి అంకెలు 5కి వచ్చేసరికి వాటంతటవే కొంత తగ్గుతాయి. టాక్రోలిమస్ కొలెస్ట్రాల్‌ని సైక్లోస్పోరిన్ కంటే తక్కువగా పెంచుతుంది, కానీ షుగర్‌ని ఎక్కువగా తెస్తుంది. అన్నిటికంటే ఎక్కువగా పెంచేవి సిరోలిమస్, ఎవెరోలిమస్. వీటితో ఎల్‌డీఎల్‌తో పాటు ట్రైగ్లిజరైడ్లు కూడా కొద్ది వారాల్లోనే ఎగబాకుతాయి, మోతాదు పెరిగిన కొద్దీ పెరుగుతాయి.

అలాగని మందుల మీదే తోసేసి ఊరుకోకూడదు. 172 చూసినప్పుడు మూడు పరీక్షలు కూడా చూడాలి: టీఎస్‌హెచ్, మూత్రంలో ప్రొటీన్, మూడు నెలల షుగర్. థైరాయిడ్ తక్కువైతే కొలెస్ట్రాల్ పెరుగుతుంది, పైగా స్టాటిన్ వల్ల కండరాలు దెబ్బతినే ప్రమాదమూ పెరుగుతుంది. మూత్రంలో ప్రొటీన్ ఎక్కువగా పోతుంటే కాలేయం కొవ్వుల తయారీ పెంచేస్తుంది. అలాంటప్పుడు ఎల్‌డీఎల్ కంటే ముందు పట్టించుకోవలసింది కిడ్నీనే.

"అయితే సైక్లోస్పోరిన్ మార్చేయొచ్చు కదా" అని మీకు తోస్తుంది. ఒక్క కొలెస్ట్రాల్ కోసం మార్చరు. కొత్త కిడ్నీ సరిగ్గా పనిచేస్తున్నప్పుడు దాన్ని కాపాడుతున్న మందును కదపడానికి అంతకంటే గట్టి కారణం కావాలి. మీ నాన్నగారికి షుగర్ ఉంది కాబట్టి టాక్రోలిమస్ వైపు వెళ్ళకపోవడానికి డాక్టరు గారికి కారణం ఉండి ఉండవచ్చు, అడగండి. వేరే కారణంతో, అంటే చిగుళ్ళు పెరిగిపోవడం లాంటివో, ఒళ్ళు కొత్త కిడ్నీని తిప్పికొట్టే రిజెక్షనో వచ్చి మార్చవలసి వస్తే, కొలెస్ట్రాల్ తగ్గడం అదనపు లాభం.

మందు మార్చిన రోజే స్టాటిన్‌ని కూడా చూడాలి. ఇది చాలాచోట్ల జారిపోయే విషయం. టాక్రోలిమస్‌కి సైక్లోస్పోరిన్‌లా కాలేయపు ద్వారాలను మూసే గుణం లేదు. టాక్రోలిమస్ వాడేవాళ్ళలో అటోర్వాస్టాటిన్ రక్తంలో పెరగలేదని కొలిచిన అధ్యయనం ఉంది. అందుకే టాక్రోలిమస్ వాళ్ళకి అటోర్వాస్టాటిన్ 20, అవసరమైతే 40 కూడా, కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే సీపీకే చూసుకుంటూ ఇవ్వడం మామూలే. 2016లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇచ్చిన సూచనలు టాక్రోలిమస్‌నీ సైక్లోస్పోరిన్‌తో ఒకే గాటన కట్టి, అటోర్వాస్టాటిన్ 10 దాటితే దగ్గరగా కనిపెట్టి ఉండాలంటాయి. మీ డాక్టరు ఆ జాగ్రత్త పాటిస్తే తప్పు పట్టనవసరం లేదు.

ఇప్పుడు తిరగేసి చూడండి. టాక్రోలిమస్ మీద అటోర్వాస్టాటిన్ 40 వేసుకుంటూ హాయిగా ఉన్న మనిషికి షుగర్ అదుపు తప్పిందనో చేతులు వణుకుతున్నాయనో సైక్లోస్పోరిన్‌కి మార్చారు. కొత్త చీటీలో టాక్రోలిమస్ కొట్టేశారు, సైక్లోస్పోరిన్ రాశారు, "మిగతావి అలాగే" అన్నారు. ఆ "మిగతావి"లో 40 ఉండిపోయింది. మూడు నాలుగు వారాల్లో తొడలు పీకడం మొదలవుతుంది. మందు మార్చిన రోజే 40ని 10 చేయాలి, తర్వాతి విజిట్‌లో కాదు. ఇటువైపు నుంచి, అంటే సైక్లోస్పోరిన్ ఆపి టాక్రోలిమస్‌కి వచ్చినప్పుడు తొందర లేదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి ఎల్‌డీఎల్ మళ్ళీ చూసి, అప్పటికీ ఎక్కువుంటేనే స్టాటిన్ పెంచాలి.

మీ ప్రశ్నలో నన్ను ఎల్‌డీఎల్ కంటే ఎక్కువగా ఆందోళన పెట్టినవి డిల్టియాజెమ్, కోల్చిసిన్.

డిల్టియాజెమ్ బీపీకి మాత్రమే ఇచ్చి ఉండకపోవచ్చు. అది సైక్లోస్పోరిన్ విరగడాన్ని మందగింపజేస్తుంది. దాంతో తక్కువ సైక్లోస్పోరిన్‌తోనే కావలసిన లెవెల్ వస్తుంది, నెలకయ్యే ఖర్చూ తగ్గుతుంది. మన దేశంలో ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్లు ఈ ఉద్దేశంతోనే దాన్ని చేర్చడం ఎప్పటి నుంచో ఉంది. అది అటోర్వాస్టాటిన్‌ని కూడా రక్తంలో ఇంకో సగం దాకా పెంచుతుంది. పది మించొద్దనడానికి ఇది రెండో కారణం. ఇందులో ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. ఎవరైనా డాక్టరు "బీపీకి ఇదెందుకు, ఆమ్లోడిపిన్ వేసుకోండి" అని డిల్టియాజెమ్ ఆపేస్తే, సైక్లోస్పోరిన్ లెవెల్ పడిపోయి రిజెక్షన్ దాకా పోవచ్చు. ట్రాన్స్‌ప్లాంట్ క్లినిక్‌కి చెప్పకుండా డిల్టియాజెమ్ ఆపొద్దు, కొత్తగా మొదలుపెట్టొద్దు.

కోల్చిసిన్ స్వయంగా కండరాలనూ నరాలనూ దెబ్బతీయగలదు. సైక్లోస్పోరిన్ దాన్ని ఒంట్లోంచి బయటికి పోనీయదు. మార్పిడి కిడ్నీ పనితనం కాస్త తక్కువగా ఉంటే ఇంకా పేరుకుంటుంది. దానికి స్టాటిన్ తోడైతే మూడూ ఒకే కండరం మీద పడతాయి. బొటనవేలు వాచినప్పుడు మామూలుగా చేసినట్టు రెండు బిళ్ళలు వేసి గంట తర్వాత ఇంకోటి వేయడం మీ నాన్నగారికి పనికిరాదు. సైక్లోస్పోరిన్ వాడేవారికి లేబుల్ చెప్పేది ఒక్క చిన్న మోతాదు, మన దగ్గర దొరికే 0.5 మి.గ్రా. బిళ్ళ ఒకటి, మూడు రోజులలోపు మళ్ళీ వద్దని. చాలాసార్లు దీనికంటే మంచి దారి ప్రెడ్నిసోలోన్‌ని నాలుగైదు రోజులు పెంచి దించడం. ఆ నిర్ణయం ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరు గారిది. డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్ళల జోలికి అసలు పోకండి, అవి కిడ్నీని నేరుగా దెబ్బతీస్తాయి.

కొద్ది రోజులకే రాసే మందులు కూడా ఉంటాయి. దగ్గుకి క్లారిథ్రోమైసిన్, ఫంగస్‌కి ఫ్లూకోనజోల్, ఇట్రాకోనజోల్, వోరికోనజోల్ రాసినప్పుడు సైక్లోస్పోరిన్, స్టాటిన్ రెండూ పెరుగుతాయి. సైక్లోస్పోరిన్‌ని ఆపలేం, మోతాదు సరిచేస్తూ లెవెల్ చూస్తారు. స్టాటిన్‌ని ఆ కోర్సు అయ్యేదాకా ఆపేయొచ్చు. రెండు వారాలు స్టాటిన్ ఆగినందువల్ల గుండెకి వచ్చే నష్టం లేదు. టీబీ మందు రిఫాంపిసిన్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది సైక్లోస్పోరిన్‌నీ, అటోర్వాస్టాటిన్‌నీ కూడా పడగొడుతుంది. అక్కడ భయం కొలెస్ట్రాల్ గురించి కాదు, కిడ్నీ గురించి. పళ్ళలో పంపరపనస తినొద్దు. గ్రేప్‌ఫ్రూట్ మన దగ్గర అరుదు కాబట్టి అందరూ దాన్ని మాత్రమే వద్దని చెప్పి ఊరుకుంటారు, దాని దగ్గరి చుట్టమైన పంపరపనస మాత్రం మన పెరళ్ళలోనే కాస్తుంది.

కండరాలు దెబ్బతింటున్నాయని ఎలా తెలుస్తుంది? స్టాటిన్ నొప్పి రెండు వైపులా సమానంగా ఉంటుంది. తొడలు, పిరుదులు, భుజాల దగ్గర పెద్ద కండరాల్లో వస్తుంది. ఒక్క మోకాలు, ఒక్క బొటనవేలు నొప్పి దీనిది కాదు. నేల మీద కూర్చున్నవారు చెయ్యి ఆనించకుండా లేవలేకపోవడం, మెట్లెక్కుతుంటే తొడలు పట్టుదప్పడం, తల దువ్వుకోవడానికి చేతులెత్తితే నీరసం రావడం, వీటిని అడిగి తెలుసుకోండి. ప్రెడ్నిసోలోన్ కూడా తొడల్లో నీరసం తెస్తుంది, కానీ దాంట్లో నొప్పి ఉండదు, సీపీకే పెరగదు.

స్టాటిన్ మొదలుపెట్టే ముందే ఒకసారి సీపీకే చేయించి కాగితం దాచండి. తర్వాత నొప్పి వచ్చినప్పుడు పోల్చడానికి అదే ఆధారం. ముందు రోజు బరువులు ఎత్తినా, కండలోకి ఇంజెక్షన్ పడినా సీపీకే కాస్త పెరుగుతుంది, అందుకని అలాంటి రోజు కాకుండా చూసుకోండి. నొప్పితో పాటు సీపీకే ల్యాబ్ ఇచ్చిన పై హద్దుకి నాలుగైదు రెట్లు దాటితే సైక్లోస్పోరిన్ వాడేవారికి స్టాటిన్ ఆపడమే మంచిది. పది రెట్లు దాటితే నొప్పి లేకపోయినా ఆపాలి, ఆరోజే క్రియాటినిన్ చూడాలి.

కండరం బాగా కరిగితే మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తుంది, క్రియాటినిన్ పెరుగుతుంది. మార్పిడి జరిగిన మనిషికి క్రియాటినిన్ పెరిగితే అందరి ఆలోచనా మొదట రిజెక్షన్ మీదికే పోతుంది. అప్పుడు సాయపడే చిన్న ఆధారం మూత్ర పరీక్షలోనే ఉంటుంది. పట్టీతో చూస్తే రక్తం మూడు ప్లస్సులు, మైక్రోస్కోప్ కింద చూస్తే ఎర్ర కణాలే లేవు. ఆ రంగు రక్తానిది కాదు, కండరంలోంచి వచ్చిన మయోగ్లోబిన్‌ది. లివర్ పరీక్షలో ఏఎస్‌టీ మాత్రం ఎక్కువగా, ఏఎల్‌టీ తక్కువగా పెరిగినా కండరాన్ని అనుమానించాలి. ఈ రెండూ కనిపిస్తే వెంటనే సీపీకే అడగండి. అలాంటి మూత్రం కనిపిస్తే మరుసటి రోజు దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

ట్రైగ్లిజరైడ్ల గురించి మీరు అడగలేదు, కానీ రిపోర్టులో ఆ అంకె కూడా చూడండి. 500 లోపుంటే ఎల్‌డీఎల్ మీదే దృష్టి పెడతారు, షుగర్ అదుపు, తిండి, ప్రెడ్నిసోలోన్ తగ్గింపుతో అవి కొంత దిగుతాయి. 500 దాటితే క్లోమం వాచే ప్రమాదం మొదలవుతుంది, 1000 దాటితే బాగా పెరుగుతుంది. అప్పుడు కూడా ఫెనోఫైబ్రేట్‌ని అలవాటుగా రాయకూడదు. అది క్రియాటినిన్‌ని పెంచుతుంది, సైక్లోస్పోరిన్‌తో కలిస్తే కిడ్నీ మీద భారం ఎక్కువ. జెమ్‌ఫైబ్రోజిల్‌ని స్టాటిన్‌తో కలపనేకూడదు. పాతకాలపు కొలెస్టిరమిన్ పొడి పేగులో మైకోఫెనోలేట్‌ని పట్టి బయటికి పంపేస్తుంది కాబట్టి అదీ వద్దు.

ఇంతా చేసి స్టాటిన్ వల్ల లాభం ఎంత? 2003లో వెలువడిన అలర్ట్ అధ్యయనంలో సైక్లోస్పోరిన్ వాడే కిడ్నీ మార్పిడి రోగులు 2102 మందిని ఐదేళ్ళ పైచిలుకు చూశారు. సగం మందికి ఫ్లూవాస్టాటిన్ ఇచ్చారు. ఎల్‌డీఎల్ 32 శాతం తగ్గింది. గుండెకి సంబంధించిన అన్ని ఘటనలనూ కలిపి పెట్టుకున్న ప్రధాన కొలమానంలో తేడా గణాంకాల పరీక్షకు నిలవలేదు, కానీ గుండె జబ్బుతో చావులూ, గుండెపోట్లూ కలిపి చూస్తే మూడో వంతు తగ్గాయి. మార్పిడి కిడ్నీ ఎక్కువ కాలం నిలవడానికి మాత్రం స్టాటిన్ సాయపడలేదు. దీన్ని ఆధారం చేసుకునే, కిడ్నీ వైద్యానికి అంతర్జాతీయ మార్గదర్శకాలిచ్చే కేడిగో సంస్థ 2013 సూచనలు కిడ్నీ మార్పిడి జరిగిన పెద్దవాళ్ళకి ఎల్‌డీఎల్ అంకెతో పని లేకుండా స్టాటిన్ ఇవ్వమంటాయి, ఒక అంకె వెంట పరుగెత్తమనవు. గుండె డాక్టర్లు 70 లోపు అనడం వేరే ఆలోచన. మీ నాన్నగారికి స్టెంట్, గుండెపోటు లేవు కాబట్టి 10 మి.గ్రా. మీద ఎల్‌డీఎల్ 100 దరిదాపుల్లో నిలిస్తే నేను సంతోషంగానే ఉంటాను. షుగర్ ఉంది కనుక ఎజెటిమైబ్ చేర్చి ఇంకా దించడాన్నీ సమర్థిస్తాను. రేపు గుండెకి ఏదైనా వచ్చి 55, 70 లోపే కావాలంటే, ఎవోలోకుమాబ్, అలిరోకుమాబ్ ఇంజెక్షన్లు ఉన్నాయి. అవి ఈ కాలేయపు తగాదాల్లోకి రావు, సైక్లోస్పోరిన్ లెవెల్‌ని కదపవు. అడ్డు వచ్చేది ధర.

వరస ఇది. ఈ వారం సీపీకే, ఏఎల్‌టీ, టీఎస్‌హెచ్, మూత్రంలో ప్రొటీన్ చేయించి అటోర్వాస్టాటిన్ 10 మొదలుపెట్టండి, రోజులో ఏ వేళైనా ఫరవాలేదు, రోజూ ఒకే వేళ అయితే చాలు. ఎనిమిది వారాలకి ఎల్‌డీఎల్, ఏఎల్‌టీ చూడండి. ల్యాబ్ ఒకటే ఉండేలా చూసుకోండి. 172లో మూడో వంతు కూడా తగ్గకపోతే మోతాదు పెంచమని అడగకండి, ముందు బిళ్ళ రోజూ పడుతోందా అని చూడండి. రోజుకి పది పదిహేను బిళ్ళలు మింగే మనిషి మొదట మానేసేది దేన్ని ఆపినా ఏమీ అనిపించదో దాన్నే, అది చాలాసార్లు స్టాటినే అవుతుంది. బిళ్ళ సరిగ్గా పడుతున్నా 110 దాటే ఉంటే ఎజెటిమైబ్ చేర్చి, రెండు వారాలకి సైక్లోస్పోరిన్ లెవెల్, ఇంకో ఎనిమిది వారాలకి ఎల్‌డీఎల్. ఆ తర్వాత ఏడాదికోసారి చాలు, రిజెక్షన్ మందుల్లో ఏదైనా మారితే మాత్రం మళ్ళీ రెండు నెలలకే. ఈ సమాధానం గుండె డాక్టరు గారికీ చూపించి, సైక్లోస్పోరిన్ పేరు ఆయన ఫైల్లో ఎర్ర సిరాతో రాయించండి.